బొమ్మల శైలిని మాటల్లో రాసివ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేయించడం నా పని. కథ ఒకరు రాస్తారు, బొమ్మలు ఇంకొకరు వేస్తారు. మధ్యలో నిలబడి "ఈ పుస్తకం బొమ్మలు ఇలా ఉండాలి" అని రాసిచ్చే కాగితాన్ని మా ఆఫీసులో స్టైల్ నోట్ అంటాం. దాని గురించి కొత్తగా చేరినవాళ్లూ, సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లూ నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటికీ ఒకే పుస్తకాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. తప్పిపోయిన గొర్రెపిల్లని వెతుక్కుంటూ వెళ్లిన కాపరి పిల్లవాడి కథ, 24 పేజీలు, చేర్యాల పటాల తీరులో, అంటే కథని గుడ్డ మీద వరస దృశ్యాలుగా వేసే తెలంగాణ జానపద చిత్రాల తీరులో, బొమ్మలు కావాలనుకున్నాం. దాని మొదటి నోట్ నేనే చెడగొట్టాను కాబట్టి ఏం తప్పు చేశానో బాగా గుర్తుంది.

"చేర్యాల తరహాలో" అని ఒక్క మాట రాస్తే చాలదా?

నేనూ చాలనుకున్నాను. నా మొదటి నోట్ మొత్తం ఇంతే: "చేర్యాల పటం తరహాలో, ప్రకాశవంతమైన రంగులతో, జానపద శైలిలో, నిండుగా ఉండాలి."

బొమ్మలు వేసిన అమ్మాయి విశాఖలో పెరిగి బెంగళూరులో స్థిరపడింది. మంచి చెయ్యి. చేర్యాల పటాన్ని మాత్రం ఫోన్‌లో తప్ప ఎప్పుడూ చూడలేదు. వారానికి నమూనా పేజీ పంపింది. వెనకాల ఎర్ర రంగు సరిగ్గానే ఉంది. కానీ పిల్లవాడి బుగ్గల మీద గులాబీ రంగు మెల్లగా లేతబడుతూ చెవి దాకా వెళ్లింది. గొర్రెపిల్ల కాళ్ల కింద నీడ ఉంది, ఒంటి మీద ఉన్ని పోగు పోగుగా కనిపిస్తోంది. దూరంగా గుట్టలు చిన్నవైపోయి, నీలంగా మసకబారాయి. గీత సన్నగా, గోధుమ రంగులో, మొదటినుంచి చివరిదాకా ఒకే మందంలో సాగింది.

ఇందులో ఏ ఒక్కటీ నా నోట్‌కి విరుద్ధం కాదు. "జానపద శైలి"లో నీడలు ఉండకూడదని నేను ఎక్కడ చెప్పాను? పేరు రాస్తే అది తెలిసినవాళ్లకి గుర్తు చేస్తుందే తప్ప తెలియనివాళ్లకి ఏమీ నేర్పదు. తెలిసినవాళ్లతోనూ తంటానే. "బాపు బొమ్మలా ఉండాలి" అనే మాట తెలుగులో ప్రతి ప్రచురణకర్తా ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటాడు. ఏ బాపు? కార్టూన్లలో రెండు గీతలతో మనిషిని నిలబెట్టే బాపునా, కథలకి బొమ్మలేసిన బాపునా, రంగుల్లో రాముణ్ణి పెట్టిన బాపునా? చెప్పేవాడి మనసులో ఒకటుంటుంది, వినేవాడి మనసులో ఇంకొకటి మెదులుతుంది. పేరు రాయండి, తప్పులేదు. దాని వెనకాల "అంటే" అని పెట్టి మిగతాది కూడా రాయండి.

రిఫరెన్స్ బొమ్మలు పంపిస్తే పని అయిపోతుంది కదా, ఈ రాతకోతలు ఎందుకు?

బొమ్మలు తప్పకుండా పంపాలి. అయితే ఒక బొమ్మలో వంద సంగతులు కలిసి ఉంటాయి. వాటిలో ఏది తీసుకోవాలో, ఏది వదిలెయ్యాలో బొమ్మే చెప్పలేదు. నేను పంపిన పటం ఫొటోలో ఒక మూల గుడ్డ ముడతపడి, దాని పక్కన సన్నని నీడ పడింది. ఆ అమ్మాయి ఆ ముడతని కూడా శైలిలో భాగం అనుకుని నమూనా అంచుల్లో పాత కాగితం ముడతలు వేసింది. నవ్వుకున్నాం గానీ తప్పు నాదే. ప్రతి రిఫరెన్స్ కింద ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది: "దీంట్లోంచి కళ్లు గీసిన తీరు మాత్రమే తీసుకోండి. రంగులు చూడొద్దు, ఫొటోలో పాలిపోయాయి."

మూడుకి మించి రిఫరెన్సులు నేను పంపను. అయిదారు పంపితే అవి ఒకదానితో ఒకటి దెబ్బలాడుకుంటాయి, బొమ్మలు వేసేవాళ్లు అన్నిటికీ మధ్యలో ఏదో సగటు వెతుక్కుంటారు.

మాధ్యమం గురించి ఏం రాయాలి? "వాటర్ కలర్" అంటే అర్థం కాదా?

మాధ్యమం పేరు కంటే, అది కాగితం మీద ఎలా ప్రవర్తిస్తుందో రాయడం ముఖ్యం. వాటర్ కలర్‌లో రంగు పలచగా ఉంటుంది, కింది కాగితం పైకి కనిపిస్తుంది. తెలుపు కావాలంటే అక్కడ రంగు వెయ్యకుండా కాగితాన్నే వదిలేస్తారు. పోస్టర్ కలర్‌లో రంగు చిక్కగా కప్పేస్తుంది, ముదురు రంగు మీద తెల్ల చుక్క పెట్టినా నిలబడుతుంది. ఈ ఒక్క తేడా బొమ్మ మొత్తాన్ని మార్చేస్తుంది. ముందు ఏ రంగు వెయ్యాలి, నగల మీద ముత్యాలు ఎప్పుడు పెట్టాలి, గీత ఎప్పుడు గియ్యాలి అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

చేర్యాల పటాన్నే చూడండి. ఖద్దరు గుడ్డకి బియ్యం గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల ముద్ద, జిగురు నీళ్లు కలిపి పూత పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకొకటి, అలా మూడుసార్లు. ఆ పూతతో గుడ్డ నేత కనిపించకుండా పోయి నున్నటి గట్టి నేల తయారవుతుంది. దాని మీద రంగు సమానంగా, మందంగా కూర్చుంటుంది. అంచుల్లో పాకదు, మధ్యలో మరకలు కట్టదు. ఇది తెలిస్తే "గుడ్డ మీద వేసినట్టు ఉండాలి" అని రాసే పొరపాటు చెయ్యం. అలా రాశారంటే డిజిటల్‌లో వేసేవాళ్లు వెంటనే కాన్వాస్ టెక్స్చర్ తగిలిస్తారు. అసలు పటం మీద ఆ నేత కనిపించనే కనిపించదు.

మా నోట్‌లో ఈ భాగం చివరికి ఇలా అయింది: "చిక్కటి పోస్టర్ కలర్‌తో వేసినట్టు ఉండాలి. ఒక ఆకారం లోపల రంగు ఒకటే, ఈ చివర నుంచి ఆ చివర దాకా మార్పు లేకుండా. కుంచె చారలు, కాగితం గరుకు, గుడ్డ నేత కనిపించకూడదు. డిజిటల్‌లో వేస్తే బ్రష్ ఒపాసిటీ 100, టెక్స్చర్ ఆఫ్." ఒపాసిటీ గురించిన ఆ చిన్న ముక్క రాయడానికి నాకు మొదట్లో మొహమాటంగా ఉండేది, వాళ్ల పనిలో వేలు పెడుతున్నట్టు. ఆ అమ్మాయే చెప్పింది: "అన్నా, ఈ ముక్క ముందే రాసుంటే నాకు రెండు రోజులు మిగిలేవి."

రంగుల గురించి "ప్రకాశవంతంగా" అని రాస్తే ఎందుకు వద్దంటున్నారు?

ఆ మాటకి కనీసం రెండు అర్థాలున్నాయి. ఒకటి, రంగు లేతగా, తెలుపుకి దగ్గరగా ఉండటం. రెండోది, రంగు చిక్కగా, మురికి లేకుండా ఉండటం. నిమ్మపండు పసుపు రెండు రకాలుగానూ ప్రకాశవంతమే. కుంకుమ ఎరుపు చిక్కగా ఉంటుంది కానీ లేత కాదు. మనం ఒకటి అనుకుంటే వాళ్లు ఇంకొకటి వేస్తారు. "వెచ్చని రంగులు", "మట్టి రంగులు", "పండగ రంగులు" కూడా ఇదే బాపతు.

నేను మూడు సంగతులు రాస్తాను: ఏ రంగులు, ఒక్కోటి పేజీలో ఎంత మేరకి, ఏది దేనికి. కాపరి పుస్తకానికి ఇచ్చిన పట్టిక ఇది, # తో మొదలయ్యేది కంప్యూటర్‌లో ఆ రంగుకి ఉండే కోడ్:

```
నేల ఎరుపు     #A62B1F   50%
పసుపు         #E3B23C   12%
నీలం          #22467A   10%
ఆకుపచ్చ       #3F6B3A    8%
మేని రంగు      #C98B5E    8%
సున్నం తెలుపు  #F3EAD6    8%
మసి నలుపు     #1C1714    4%
```

ఇవి చేర్యాల వాళ్ల కొలతలు కావు. పటాల ఫొటోలు చూసి మా పుస్తకానికి మేం కట్టుకున్న లెక్క. శాతాలు గజంబద్దతో కొలవడానికి కాదు, కంటితో పోల్చుకోవడానికి. ఎరుపు సగం పేజీ ఉండాలంటే బొమ్మల మధ్య ఖాళీ వదలాలని అర్థం. ఆ సంఖ్య లేకపోతే ఎరుపు వెనకాల ఎక్కడో దాక్కుని, పేజీ అంతా పచ్చగా తయారవుతుంది.

ఇప్పుడు నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతి. రెండో నమూనా వచ్చినప్పుడు రంగులన్నీ పట్టికలోవే. అయినా పిల్లవాడి ఆకుపచ్చ పంచె ఎర్ర నేలలో కలిసిపోయినట్టుంది, కాస్త దూరంగా పెడితే నడుము కింద మనిషే లేడు. ఎందుకో అర్థంకాక పేజీని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూశాను. తెలుపు 255, నలుపు 0 అనుకుంటే మా ఎరుపు 78 దగ్గర, ఆకుపచ్చ 88 దగ్గర, నీలం 65 దగ్గర ఉన్నాయి. కంటికి మూడూ పూర్తిగా వేరే రంగులు, బూడిద రంగులోకి మారిస్తే ముగ్గురు కవల పిల్లలు. మేని రంగు 152, పసుపు 179, తెలుపు 235 దాకా ఉన్నాయి కాబట్టి మొహం, గొర్రెపిల్ల మాత్రం బాగా తేలాయి.

పటంలో ఈ ఇబ్బంది ఎందుకు కనిపించదని మళ్లీ ఫొటోలు తీసి చూస్తే సమాధానం అక్కడే ఉంది. బట్ట అంచున పసుపు పట్టీ, దాని మీద తెల్ల చుక్కలు. అప్పటిదాకా దాన్ని అలంకారం అనుకున్నాను. ఎరుపునీ పచ్చనీ విడదీసే గట్టు అది. నోట్‌లో వెంటనే ఒక వాక్యం చేరింది: "ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాన్నొకటి నేరుగా తాకకూడదు. మధ్యలో నల్ల గీతతో పాటు పసుపు అంచు గానీ తెల్ల చుక్కల వరస గానీ ఉండాలి." ఎరుపు, ఆకుపచ్చ తేడా కళ్లకి ఆనని పిల్లలకి కూడా దీంతో బొమ్మ తెలుస్తుంది.

స్క్రీన్ మీద కోడ్ ఇచ్చాం కదా, అచ్చులో అదే రంగు వస్తుందా?

రాదు. మ్యాప్‌లిథో అనే పూత లేని కాగితం సిరాని పీల్చుకుంటుంది, ఎరుపు ఒక మెట్టు దిగి ఇటుక రంగు వైపు జారుతుంది. కోడ్ అనేది మీరూ బొమ్మలు వేసేవాళ్లూ ఒకే మాట మీద ఉండటానికి. చివరి మాట మాత్రం ప్రెస్‌లో అదే కాగితం మీద తీసిన ప్రూఫ్‌దే. ఫోన్లో చూసి "రంగు బాలేదు" అని చెప్పకండి, దయచేసి.

శైలిలో వెలుతురూ నీడా లేనప్పుడు వెలుతురు గురించి రాయడానికేముంది?

అక్కడే ఎక్కువ రాయాలి. బొమ్మలు నేర్చుకున్న ప్రతివాళ్ల చేతికీ నీడ అలవాటై ఉంటుంది. మీరు ఏమీ రాయకపోతే ఆ చెయ్యి తన అలవాటు ప్రకారం పోతుంది. బుగ్గ మీద గులాబీ, గొర్రె కింద నీడ అలా వచ్చినవే.

"షేడింగ్ వద్దు" అని రెండు మాటల్లో తేల్చేద్దామా అంటే అదీ చాలదు. వెలుతురు బొమ్మలోకి చాలా దొడ్డిదారుల్లో దూరుతుంది. ఒంటి మీద గుండ్రదనం చూపించే షేడ్ ఒకటి. నేల మీద పడే నీడ ఇంకొకటి. కళ్లల్లో, నగల మీద మెరుపు చుక్క మూడోది. దూరం పోయేకొద్దీ రంగు వెలిసిపోవడం నాలుగోది, ఇది వెలుతురు సంగతని చాలామందికి తట్టదు. నా మొదటి నమూనాలో నీలంగా మసకబారిన గుట్టలు ఇందుకే వచ్చాయి. నాలుగింటినీ విడివిడిగా పేరు పెట్టి రాస్తేనే నాలుగూ ఆగుతాయి.

ఇంకో చిక్కుంది. నీడ తీసేస్తే గొర్రెపిల్ల గాల్లో తేలుతున్నట్టుంటుంది. నీడ చేసే పని, అంటే కాళ్లు నేలకి ఆనాయని చెప్పే పని, ఇంకెవరు చెయ్యాలి? పేజీ అడుగున పూల పట్టీ ఒకటి పెట్టి, మనుషులూ గొర్రెలూ దాని మీదే నిలబడాలని రాశాం. పటాల్లో ఒక దృశ్యానికీ ఇంకో దృశ్యానికీ మధ్య అలాంటి పట్టీలే ఉంటాయి కాబట్టి పొసిగింది. ఏదైనా వద్దని రాసినప్పుడల్లా అది చేసే పనిని ఎవరికి అప్పజెబుతున్నారో కూడా రాయాలి. లేదంటే వాళ్లు దొంగచాటుగా దాన్నే తిరిగి తెస్తారు, వాళ్ల తప్పు కాదది.

మరి రాత్రి పేజీ? వెలుతురు లేకుండా రాత్రిని ఎలా చూపిస్తారు?

ఆ ఒక్క పేజీ మీద నాలుగు రోజులు వాదించుకున్నాం. కథలో పిల్లవాడు చీకటి పడ్డాక తుమ్మచెట్ల మధ్య గొర్రెపిల్ల అరుపు వింటాడు. ఆ అమ్మాయి చంద్రుడి చుట్టూ వెలుగు వలయం వేసి, మిగతా పేజీ చీకటి చేసి పంపింది. చాలా బాగుంది, నిజంగా. కానీ 23 పేజీలు ఒక లోకంలో, ఈ ఒక్కటి ఇంకో లోకంలో ఉన్నట్టయింది.

చివరికి చేసిందేంటంటే, నేల రంగు ఎరుపు తీసేసి పట్టికలోని నీలం పెట్టాం. పిల్లవాడి నీలం తువ్వాలు ఎరుపైంది. చంద్రుడు తెల్లటి చక్రం, అంచున నల్ల గీత, మెరుపు లేదు. అంతే. ఎరుపు, నీలం బూడిద లెక్కలో దాదాపు ఒకటేనని పైన చెప్పాను కదా, అది ఇక్కడ కలిసొచ్చింది. నేల మారినా మొహాలూ గొర్రెలూ పగటి పేజీల్లో తేలినట్టే తేలాయి. నోట్‌లో వాక్యం: "పొద్దు మారితే నేల రంగు, దాంట్లో కలిసిపోయే బట్ట రంగు మాత్రమే మారతాయి. పగలు ఎరుపు, రాత్రి నీలం. మనుషుల, జంతువుల ఒంటి రంగులు రాత్రి కూడా మారవు."

మా పుస్తకంలో నిజంగానే వెలుతురు ఉంది. అప్పుడెలా రాయాలి?

వెలుతురు ఎక్కడినుంచి వస్తోంది, నీడ అంచు ఎలా ఉంది, నీడ ఏ రంగు. ఈ మూడూ చాలు. "సాయంత్రపు వెలుగు, ఆహ్లాదంగా" అని కాకుండా ఇలా: "వెలుతురు ఒకటే, గుడిసె లోపల నేల మీద పెట్టిన లాంతరు. కాబట్టి మొహాల మీద వెలుగు కింది నుంచి పడుతుంది, నీడలు గోడ మీద పైకి పెరుగుతాయి. నీడ అంచు మెత్తగా చెదిరిపోదు, కత్తిరించినట్టుంటుంది. నీడ నలుపు కాదు, గోడ రంగే ముదురుగా, కాస్త ఊదా వైపు." ఆహ్లాదం సంగతి పాఠకుడు చూసుకుంటాడు.

గీత నాణ్యతని మాటల్లో పెట్టడం సాధ్యమేనా?

ఇది అందరూ భయపడే ప్రశ్న, నిజానికి కొలతలకి బాగా లొంగేది కూడా ఇదే.

మొదట మందం. పిక్సెళ్లలో రాయకండి. మొదటి నమూనాలో గీత 3 పిక్సెళ్లుంది. ఆవిడ స్క్రీన్ మీద దగ్గరికి లాగి చూసుకుంటే పుష్టిగానే ఉంది. ఫైలు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లు. దాంట్లో ఒక మిల్లీమీటరుకి దాదాపు 12 పిక్సెళ్లు వస్తాయి. అంటే అచ్చులో ఆ గీత పావు మిల్లీమీటరు, వెంట్రుక కన్నా కాస్త నయం. అందుకని అచ్చయిన సైజులో, మనిషి ఎత్తుతో పోల్చి రాశాం: "12 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఒంటి చుట్టూ గీత 1 మిల్లీమీటరు, లోపలి గీతలు, అంటే ముక్కు, వేళ్లు, బట్ట మడతలు, అందులో సగం."

తర్వాత గీత నడక. ఒక గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దగ్గరగా చూడాలి. నోట్ రాసేముందు ఒక కన్ను బొమ్మని పెద్దది చేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పై రెప్ప ముక్కు దగ్గర సన్నగా మొదలై, కనుగుడ్డు పైకి వచ్చేసరికి లావెక్కి, చెవి వైపు పోతూ మళ్లీ సన్నబడి కొస తేలింది. మొత్తం ఒకే విసురు, మధ్యలో అతుకు లేదు. కింది రెప్ప మొదటినుంచి చివరిదాకా సన్నమే. రెండు గీతల్లో అంత తేడా ఉండబట్టే చూపు నిలబడింది. ఆ అమ్మాయి వేసిన కన్నులో రెండు రెప్పలూ ఒకే మందం, అందుకే కళ్లజోడు ఫ్రేములా కనిపించింది. దాన్ని చూసి "కళ్లల్లో జీవం లేదు" అని రాసి పంపబోయి ఆగాను. జీవం లేదంటే ఆవిడ ఏం సరిచేసుకుంటుంది, పాపం? పై రెప్ప మధ్యలో రెండింతలు లావుండాలని రాస్తే పది నిమిషాల్లో సరిచేసి పంపింది.

ఇంకా గీత రంగు, అది ఎప్పుడు పడుతుందో రాయాలి. మాకు నలుపు, రంగులన్నీ వేశాక ఆఖర్న. ఆఖర్న పడితే గీత రంగు అంచుల్ని కప్పి బొమ్మని బిగిస్తుంది. ముందే గీసి లోపల రంగు నింపితే కలరింగ్ పుస్తకంలా తయారవుతుంది, గీతకీ రంగుకీ మధ్య తెల్ల సందులు మిగులుతాయి. డిజిటల్‌లో గీతని నునుపు చేసే స్మూతింగ్ సదుపాయం ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాం: తక్కువ. చెయ్యి కాస్త వణికినా పర్లేదు, మరీ తీగలా సాగిపోతే మాత్రం ఒప్పుకోం.

"వద్దు" అనేవి ఎన్ని రాయొచ్చు?

నమూనాలో నిజంగా కనిపించినవే రాయండి. ఊహించి ఇరవై వద్దులు రాస్తే చదివేవాళ్లకి ఊపిరాడదు. మా నోట్‌లో ఉన్నవి కొన్నే, వాటిలో ఎక్కువ మొదటి నమూనా పుణ్యమే.

పూర్తయిన నోట్ ఎలా ఉంటుందో చూపిస్తారా?

ఆ అమ్మాయికి చివరికి వెళ్లిన పాఠంలో ముఖ్యభాగం ఇది. పైన చూపించిన రంగుల పట్టిక దీని కింద విడిగా ఉంటుంది.

> చేర్యాల పటాల తీరులో. అంటే: చిక్కటి పోస్టర్ కలర్, ఒక ఆకారంలో ఒకటే రంగు, కుంచె చారలు గానీ గుడ్డ నేత గానీ కనిపించవు. పేజీలో సగం ఎర్ర నేల, ఖాళీగానే వదలండి. పట్టికలోని ఏడు రంగులు తప్ప వేరేవి వద్దు, వాటిని కలపడం, పలచన చెయ్యడం కూడా వద్దు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాన్నొకటి నేరుగా తాకవు, మధ్యలో పసుపు అంచు గానీ తెల్ల చుక్కలు గానీ ఉంటాయి.
>
> వెలుతురు ఏ వైపు నుంచీ రాదు. ఒంటి మీద షేడ్, నేల మీద నీడ, మెరుపు చుక్క, దూరానికి మసకబారడం వద్దు. గొర్రె ఒంటి మీద ఉన్ని పోగులు వద్దు, చిన్న వంపు గీతల వరసలు చాలు. దూరంగా ఉన్నవి పేజీలో పైన ఉంటాయి, చిన్నవి కావు. అందరూ అడుగున ఉన్న పూల పట్టీ మీద గానీ, మధ్యలో గీసిన పట్టీ మీద గానీ నిలబడతారు. రాత్రయితే నేల నీలం, నీలం బట్ట ఎరుపు అవుతాయి, ఇంకేమీ మారదు.
>
> గీత మసి నలుపు, ఆఖర్న పడుతుంది. 12 సెంటీమీటర్ల మనిషికి బయటి గీత 1 మిల్లీమీటరు, లోపలిది సగం. గీత కొసలు సన్నగా, వంపు దగ్గర లావుగా. ఒక్క విసురులో గియ్యాలి, మీద మీద గీకొద్దు. కంటి పై రెప్ప మధ్యలో కింది రెప్పకి రెండింతలు.

ఇది ఒక పేజీలో పడుతుంది. అంతకన్నా పెరిగితే పని మధ్యలో ఎవరూ తీసి చూసుకోరు. "నిండుగా" అన్న మాట ఎగిరిపోయిందని గమనించారా? సగం పేజీ ఖాళీగా ఉండాలని తేలాక దానికి చోటు లేదు.

నోట్ సరిగ్గా వచ్చిందో లేదో పని మొదలయ్యేలోపే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, చవకగా కూడా. రిఫరెన్సులు చూపించకుండా నోట్ ఒక్కటే ఇచ్చి, బొమ్మలు వెయ్యడం వచ్చిన ఇంకొకరి చేత అరచేయంత బొమ్మ వేయించండి. ఒక మనిషి, ఒక జంతువు, ఒక చెట్టు ఉంటే చాలు. అది మీరనుకున్నదానికి ఎక్కడ తేడాగా వచ్చిందో అక్కడ నోట్‌లో వాక్యం లేదని అర్థం. మాకు అలా చెట్టు దగ్గర దొరికింది. మనుషుల గురించి అంత రాశాం గానీ ఆకుల గురించి ఏమీ రాయలేదు, వేసిన కుర్రాడు చెట్టుని పచ్చటి మేఘంలా గుండ్రంగా చుట్టేశాడు. తర్వాత ఒక ముక్క చేర్చాం: "ఆకులు లెక్కపెట్టేలా విడివిడిగా, కొమ్మకి రెండువైపులా."

నోట్‌ని మీరే ఇంకోలా పరీక్షించుకోవచ్చు. ఒక్కో వాక్యాన్నీ నమూనా పక్కన పెట్టి "ఉందా, లేదా" అని అడగండి. "గీత నలుపు" అన్నది ఉందో లేదో చూపించొచ్చు. "గీతలో మట్టి వాసన ఉండాలి" అన్నదాన్ని ఎవరూ చూపించలేరు, దాని మీద గొడవ మాత్రం పడొచ్చు.

ఇంత కష్టపడే బదులు చేర్యాల కళాకారుల చేతే వేయించొచ్చు కదా?

వేయించొచ్చు, ముందు ఆ ప్రశ్నే వేసుకోవాలి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఈ పటాలు వేసే నకాషీ కుటుంబాలు ఇప్పటికీ పని చేస్తున్నాయి. వాళ్లకయితే ఈ నోట్‌లో మూడొంతులు అక్కర్లేదు, కథ చెప్పి పేజీ సైజు ఇస్తే చాలు. మాకు డిజిటల్ ఫైళ్లు కావాలి, మాట మారినప్పుడల్లా బొమ్మలో చెయ్యి జరపాలి, తక్కువ గడువు. అందుకని అటు వెళ్లలేదు. ఆ నిర్ణయం మీద మా ఆఫీసులోనే ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకున్నాం. చేర్యాల పటాలకి భౌగోళిక గుర్తింపు ఉంది, అక్కడ వెయ్యని బొమ్మని ఆ పేరుతో అమ్మడం కుదరదు. పుస్తకం అట్ట మీద "చేర్యాల బొమ్మలతో" అని వెయ్యలేదు. లోపలి పేజీలో ఆ అమ్మాయి పేరు, దాని కింద "ఈ బొమ్మలు చేర్యాల పటాలని చూసి నేర్చుకుని వేసినవి" అని చిన్న అక్షరాల్లో వేశాం.